కుండ ఫ్రిజ్ ప్రాజెక్టు: జడ్జిల ముందు రెండు నిమిషాలే. వాన రోజున కుండ చల్లబడకపోతే ఏం చెప్పాలి?

అనంత_రాధ
మా పాప తొమ్మిదో తరగతి, అనంతపురం దగ్గర జడ్పీ హైస్కూల్లో చదువుతోంది. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్యలో ఇసుక పోసి, ఆ ఇసుకను తడిపి, లోపల కూరగాయలు దాచే ప్రాజెక్టు చేసింది. పోయిన ఏప్రిల్‌లో స్కూల్లో చూసినప్పుడు బయట 39 డిగ్రీలు, లోపలి కుండలో 28. అందరూ చేతులు పెట్టి చూసి ఆశ్చర్యపోయారు. ఇంకో పది రోజుల్లో జిల్లా స్థాయి ఎగ్జిబిషన్.

ఇప్పుడు రెండు బాధలు వచ్చి పడ్డాయి. జడ్జిలు ఒక్కో స్టాల్ దగ్గర రెండు నిమిషాలే వింటారట. పాప చెప్పేది గడియారం పెట్టి చూస్తే నాలుగు నిమిషాల పది సెకన్లు వచ్చింది. రెండోది, ఆదివారం నుంచి ముసురు పట్టింది. నిన్న బయట 27 ఉంటే కుండ లోపల 26! "మోడల్ పని చెయ్యట్లేదమ్మా, ఏం చూపించాలి" అని రాత్రి అన్నం కూడా తినలేదు. తను చెప్పేది ఇలా మొదలవుతుంది:

"గౌరవనీయులైన న్యాయనిర్ణేతలకు నా హృదయపూర్వక నమస్కారాలు. నేటి ఆధునిక యుగంలో గ్లోబల్ వార్మింగ్ ప్రపంచాన్ని వణికిస్తోంది. పాత ఫ్రిజ్‌ల నుంచి వెలువడిన వాయువుల వల్ల ఓజోన్ పొర దెబ్బతింది. మన పూర్వీకులు ఎంతో తెలివైనవారు..." ఇలా ఒకటిన్నర నిమిషం పోయాక కుండ దగ్గరికి వస్తుంది. చివర్లో "ఇందులో టొమాటోలు 20 రోజులు తాజాగా ఉంటాయి" అంటుంది.

చిత్తూరు_నాన్న
మా వాడికి మండల స్థాయిలో ఫస్ట్ వచ్చింది. అద్దం ముందు నిలబెట్టి రోజూ చెప్పించాను. చేతులు ఎలా ఊపాలి, ఎక్కడ గొంతు పెంచాలి అన్నీ నేర్పించాలి. ముగింపులో ఒక పద్యం చదివితే జడ్జిలు మెచ్చుకుంటారు.

సుజాత_గైడ్
@చిత్తూరు_నాన్న మీరు వక్తృత్వ పోటీ గురించి చెప్తున్నట్టున్నారు. వీళ్లది స్టాల్ దగ్గర మోడల్ చూపిస్తూ వివరించేది.

చిత్తూరు_నాన్న
అవును, మా వాడిది వక్తృత్వమే. సరిగ్గా చదవలేదు. అయినా అద్దం సలహా మాత్రం వాడుకోండి.

టెన్త్_బ్యాచ్
ఆంటీ ఒక మాట చెప్తా, ఎవరికీ చెప్పకండి. పొద్దున్నే లోపలి కుండలో ఐస్ ముక్కలు వేసి, జడ్జిలు వచ్చే ముందు తీసి తుడిచేస్తే 15 డిగ్రీలు చూపిస్తుంది. మా సీనియర్లు చేశారు.

భౌతిక_మాస్టారు
వద్దు నాయనా. ముప్ఫై ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను, జడ్జిగా చాలా స్టాళ్లు చూశాను. వాన రోజున తడి కుండ 15 డిగ్రీలు చూపించిందంటే అది మోసమని జడ్జికి అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఎందుకంటే ఆ గాలిలో అది జరగని పని. ఎంతవరకు జరుగుతుందో కొలిచి చూపించే ఉపాయం ఉంది, రాత్రికి వివరంగా రాస్తాను.

రాధమ్మా, ఈలోగా ఒకటి చెప్పండి. పెద్ద కుండ బయటి గోడ చేత్తో తాకితే తడిగా ఉందా, పొడిగా ఉందా? రోజుకు ఇసుకలో ఎన్ని నీళ్లు పోస్తున్నారు?

గోదారి_గట్టు
ఇంత ఆలోచన ఎందుకండి, టేబుల్ ఫ్యాన్ ఒకటి పెట్టండి. గాలి ఆడితేనే ఆవిరవుతుంది. ఎంత గాలి వేస్తే అంత చల్లన. మా అమ్మ కూజాకి తడిగుడ్డ చుట్టి కిటికీలో పెట్టేది.

అనంత_రాధ
మాస్టారూ, ఇప్పుడే వెళ్లి తాకి చూశాను. బయటి గోడ పొడిగా ఉంది. ఏప్రిల్‌లో పొద్దున, సాయంత్రం కలిపి లీటరున్నర దాకా పోసేవాళ్లం. ఇప్పుడు అర గ్లాసు పోసినా ఇసుక తడిగానే ఉంటోంది.

కుమ్మరివీధి_శీను
అక్కా, కుండకి పెయింట్ ఏమైనా వేశారా?

అనంత_రాధ
వేశాం శీనూ. ఎగ్జిబిషన్‌కి అందంగా ఉండాలని పెద్ద కుండకి ఎర్ర ఎనామిల్ వేసి, పైన తెల్ల రంగుతో ముగ్గు పెట్టింది. రెండు రోజులు కూర్చుని వేసింది.

కుమ్మరివీధి_శీను
అదే అక్కా! కుండ చల్లబడేది చెమరిస్తేనే. ఎనామిల్ ఆ సన్న రంధ్రాలన్నీ మూసేసింది. ఇప్పుడు అది ప్లాస్టిక్ బకెట్ లాంటిదే. గీకి లాభం లేదు, రంగు లోపలికి దిగి ఉంటుంది. కొత్త కుండ కొనండి. మా నాన్న నీళ్ల కుండలకి మట్టిలో సన్న ఇసుక, బూడిద కలుపుతారు, అందుకే అవి బాగా చెమరుస్తాయి. అన్ని కుండలూ అంత బాగా చెమర్చవు. కాబట్టి అడిగి మరీ నీళ్ల కుండే తీసుకోండి. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున లోపల నీళ్లు నింపి పెడితే గంట రెండు గంటల్లో బయట తడి కనిపించాలి. కనిపించకపోతే ఆ కుండ మార్చెయ్యండి. ముగ్గు పెట్టాలని ఉంటే కింద స్టాండుకి పెట్టమనండి పాపని.

సుజాత_గైడ్
శీను మంచి ప్రశ్న అడిగారు. నేనైతే నేరుగా స్పీచ్ దిద్దడానికి వెళ్లిపోయేదాన్ని.

భౌతిక_మాస్టారు
పెయింటు సంగతి తేలింది. కానీ కొత్త కుండ తెచ్చినా ఈ ముసురులో 11 డిగ్రీల తేడా రాదు. అది పాపకి ముందే తెలియాలి, లేకపోతే మళ్లీ ఏడుస్తుంది.

తడి వస్తువు ఆ గాలిలో ఎంతవరకు చల్లబడగలదో చెప్పేది తడిగుడ్డ థర్మామీటర్. మామూలు థర్మామీటర్ బుడ్డికి పలచని నూలుగుడ్డ చుట్టి, గుడ్డ కొసను చిన్న గిన్నెలో నీళ్లలో వదలాలి. అట్టముక్కతో కాసేపు విసిరితే పాదరసం దిగుతూ దిగుతూ ఒకచోట ఆగుతుంది. ఆ అంకె కంటే కిందికి కుండ దిగలేదు. @గోదారి_గట్టు గారూ, మీ ఫ్యాన్ మాట సగం నిజం. గాలి ఆడితే త్వరగా చల్లబడుతుంది, ఆ హద్దుకు ఇంకాస్త దగ్గరికి వెళ్తుంది. హద్దు మాత్రం దాటదు. అది గాలిలో తేమని బట్టి ఉంటుంది. అనంతపురం ఏప్రిల్ గాలి ఎండిపోయి ఉంటుంది కాబట్టి హద్దు చాలా కింద ఉంటుంది. ముసురు రోజున గాలిలో అప్పటికే నీరు నిండి ఉంటుంది, హద్దు గది వేడికి దగ్గరగా వచ్చేస్తుంది.

కాబట్టి స్టాల్లో మూడు థర్మామీటర్లు ఉండాలి. ఒకటి గది గాలిలో, ఒకటి తడిగుడ్డతో, ఒకటి కుండ లోపల. "ఎన్ని డిగ్రీలు తగ్గింది" అనే ప్రశ్న వదిలెయ్యండి. "తగ్గగలిగిన దానిలో ఎంత తగ్గింది" అనేది పాప చెప్పాల్సిన మాట. వాన రోజు ఆ మాటకి అడ్డం కాదు, అదే రుజువు.

ఇంకో జాగ్రత్త. మూడు థర్మామీటర్లనీ ముందు ఒకే గ్లాసు నీళ్లలో ముంచి చూడండి. స్కూలు థర్మామీటర్లు ఒకదానికొకటి డిగ్రీ తేడా చూపించడం మామూలే. మీరు చూపించబోయే తేడానే రెండు డిగ్రీలైతే, ఆ ఒక్క డిగ్రీ కొంప ముంచుతుంది.

గోదారి_గట్టు
ఒప్పుకుంటున్నానండి. కాకినాడలో కూజా నీళ్లు ఎందుకు అంత చల్లబడవో ఇన్నాళ్లకి తెలిసింది. నేను కుండని తిట్టేవాణ్ని.

డల్లాస్_వేణు
నైజీరియాలో మహమ్మద్ బా అబ్బా అనే టీచర్ ఈ కుండలో కుండ పద్ధతిని ఊళ్లలో పంచిపెట్టి 2000లో రోలెక్స్ అవార్డు అందుకున్నారు. పాప ఆయన పేరుతో మొదలుపెడితే జడ్జిలకి గుర్తుండిపోతుంది.

సుజాత_గైడ్
నాకు అది నచ్చలేదండి. రెండు నిమిషాల్లో మొదటి 20 సెకన్లు వేరేవాళ్ల కథకి ఇచ్చేస్తే, "మరి నువ్వేం చేశావ్ తల్లీ" అనే ప్రశ్న వస్తుంది. చార్టులో ఒక మూల రాయమనండి.

డల్లాస్_వేణు
చెప్పకపోతే, ఇది తన ఐడియానే అన్నట్టు ఉండదా? ఒక్క వాక్యం చెప్పడం న్యాయం.

భౌతిక_మాస్టారు
వేణు గారి మాటలో న్యాయం ఉంది. అయితే మొదట్లో వద్దు. ఆయన పంచింది ఉత్తర నైజీరియాలో, ఎండిన నేల, పొడి గాలి. "అక్కడ బాగా పని చేసింది, మా ఊళ్లో ఏ కాలంలో పని చేస్తుందో నేను కొలిచాను" అంటే ఆ పేరుకీ పని ఉంటుంది, పాప పనీ కనిపిస్తుంది.

టెన్త్_బ్యాచ్
కానీ సార్, కుండలో నీళ్లు చల్లబడటం అందరికీ తెలిసిందే కదా. దీంట్లో కొత్తేముంది అంటే ఏం చెప్పాలి? ఇన్‌స్పైర్ మానక్‌లో ఐడియా కొత్తది కాకపోతే తీసుకోలేదు, నాది పోయింది.

సుజాత_గైడ్
అది వేరు. ఇన్‌స్పైర్‌లో పిల్లల ఆలోచనకే 10,000 రూపాయలు ఇస్తారు కాబట్టి కొత్తదనం గట్టిగా చూస్తారు. మామూలు ఎగ్జిబిషన్‌లో పిల్ల అర్థం చేసుకుందా, కొలిచిందా అనేది ఎక్కువ చూస్తారని నా అనుభవం. అందరు జడ్జిలూ అలాగే ఉంటారని మాత్రం చెప్పలేను.

రాధ గారూ, స్పీచ్‌లో నాకు తగిలినవి రెండు. ఒకటి ఓజోన్ మాట. కుండకి, ఓజోన్‌కి సంబంధం అడిగితే పాప ఇరుక్కుంటుంది. రెండోది "టొమాటోలు 20 రోజులు". ఇది పాప చూసిందా?

అనంత_రాధ
లేదండి, వీడియోలో విన్నది. తను చూసింది కొత్తిమీర మాత్రమే. ఏప్రిల్‌లో బుట్టలో పెట్టిన కట్ట రెండో రోజుకే వాలిపోయింది, కుండలో పెట్టింది నాలుగో రోజు దాకా బాగుంది.

సుజాత_గైడ్
అదే చెప్పించండి! ఒకే రోజు కొన్న రెండు కట్టలు, ఒకటి బుట్టలో, ఒకటి కుండలో. స్టాల్లో కూడా అలాగే పక్కపక్కన పెట్టాలి. బుట్ట లేకపోతే కుండ వల్లే బాగుందని ఎలా తెలుస్తుంది?

అనంత_రాధ
ఐదు రోజుల తర్వాత వచ్చాను. కొత్త కుండ తెచ్చాం, నీళ్ల కుండే. శీను చెప్పినట్టు నానబెడితే గంటన్నరకి గోడంతా చెమర్చింది. థర్మామీటర్లు గ్లాసులో ముంచి చూస్తే ఒకటి నిజంగానే డిగ్రీ ఎక్కువ చూపించింది! దాన్ని స్కూల్లో మార్చుకొచ్చింది.

ముసురు రోజు గది 27, తడిగుడ్డ 24, కుండ లోపల 25. నిన్న ఎండ కాసింది. మధ్యాహ్నం గది 32, తడిగుడ్డ 24, లోపల 27. పాపే లెక్క వేసింది. ముసురులో 3 డిగ్రీలు తగ్గే వీలుంటే 2 తగ్గింది. ఎండలో 8 తగ్గే వీలుంటే 5 తగ్గింది. "అమ్మా, రెండు రోజులూ కుండ ఒకేలా పని చేసింది, గాలే మారింది" అని గంతులేసింది. ఏప్రిల్‌కి కూడా ఇలా లెక్క వెయ్యొచ్చా మాస్టారూ?

భౌతిక_మాస్టారు
వెయ్యకూడదు. ఏప్రిల్‌లో తడిగుడ్డ రీడింగు తీసుకోలేదు. 39, 28 అని ఉన్నది ఉన్నట్టు చెప్పి, "ఆ రోజు తడిగుడ్డ పెట్టలేదు" అనెయ్యమనండి. పిల్ల అలా ఒప్పుకుంటే నాకైతే మిగతా అంకెల మీద నమ్మకం పెరుగుతుంది.

రెండు రోజుల లెక్కలు దగ్గరగా వచ్చాయి, సంతోషం. కానీ రెండు రోజులే అవి. వీలైనన్ని రోజులు రాయించండి. ఇంకొకటి, కుండ కుదురుకోవడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. హాలుకి పొద్దున్నే వెళ్లి తడిపి పెట్టాలి, వీలైతే కిటికీ పక్క స్టాల్ అడగాలి.

అనంత_రాధ
ఇప్పుడు చెప్పేది ఇది. సరిగ్గా లేకపోతే దిద్దండి.

"కొత్తిమీర మా ఇంట్లో ఎండాకాలం రెండో రోజుకే వాలిపోతుంది. కరెంటు లేకుండా దాన్ని ఇంకెన్ని రోజులు ఆపొచ్చో చూశాను. ఇది పెద్ద కుండ, లోపల చిన్న కుండ, మధ్యలో తడి ఇసుక. ఇక్కడ తాకి చూడండి సార్, గోడ తడిగా ఉంది. ఆ తడి ఆవిరవడానికి కావలసిన వేడిని కుండ నుంచే తీసుకుంటుంది. ఒక్క గ్రాము నీరు ఆవిరైతే పోయే వేడి, 58 గ్రాముల నీటిని 10 డిగ్రీలు చల్లబరచడానికి సరిపోతుంది.

ఏప్రిల్‌లో బయట 39 ఉంటే లోపల 28 ఉంది. ఈ వారం ముసురులో తేడా రెండు డిగ్రీలే వచ్చింది. ఎందుకో తెలుసుకోవడానికి ఈ తడిగుడ్డ థర్మామీటర్ పెట్టాను. తడి వస్తువు ఈ గాలిలో ఎంతవరకు చల్లబడగలదో ఇది చెప్తుంది. ముసురు రోజు 3 డిగ్రీలకి 2, ఎండ రోజు 8 డిగ్రీలకి 5 తగ్గింది. కుండ రెండు రోజులూ దాదాపు ఒకేలా పని చేసింది, గాలిలో తేమే మారింది. ఇప్పుడు ఈ హాల్లో ఎంతుందో చదువుతాను.

మొదట పెద్ద కుండకి రంగు వేశాను. గోడ చెమర్చక ఒక్క డిగ్రీయే తగ్గింది, అందుకే కుండ మార్చాను. నైజీరియాలో మహమ్మద్ బా అబ్బా గారు దీన్ని పొడి ప్రాంతంలో వాడించారు. మా ఊళ్లో కూడా ఇది ఎండాకాలానికి బాగుంటుంది, వానాకాలంలో తక్కువే."

గడియారం పెట్టి చూశాను, థర్మామీటర్లు చదవడంతో కలిపి ఒక నిమిషం యాభై సెకన్లు.

సుజాత_గైడ్
నాకు బాగా నచ్చింది. "తాకి చూడండి" అన్నది మొదట్లోనే వచ్చింది, అదే మేలు. 58 గ్రాముల మాట దగ్గర కాస్త ఆగమనండి, గబగబా అంటే ఎవరికీ ఎక్కదు.

చిత్తూరు_నాన్న
ఇంగ్లీష్ మీడియం అయితే ఇంగ్లీషులోనే చెప్పాలి కదా? తెలుగులో చెప్తే మార్కులు తగ్గిస్తారేమో.

సుజాత_గైడ్
మా దగ్గర రెండు భాషల్లోనూ చెప్పిన పిల్లలు గెలిచారు.

భౌతిక_మాస్టారు
ఏ భాషలో ప్రశ్నకి జవాబు చెప్పగలదో ఆ భాషలోనే చెప్పాలని నా పట్టు. బట్టీ పట్టిన ఇంగ్లీషు మొదటి ప్రశ్నకే ఆగిపోతుంది.

చిత్తూరు_నాన్న
మా జిల్లాలో అలా లేదు మాస్టారూ. ఇద్దరు పిల్లల్ని ఇంగ్లీషులో చెప్పమని మధ్యలో ఆపారు.

టెన్త్_బ్యాచ్
రంగు వేసి తప్పు చేశానని జడ్జిలకి చెప్పడం అవసరమా? నేనైతే దాచేస్తా.

కుమ్మరివీధి_శీను
ఆ రంగు కుండ కూడా పట్టుకెళ్లి పక్కన పెట్టమను తమ్ముడూ, ఇసుక తడిపి, లోపల థర్మామీటర్ పెట్టి. రెండు కుండల మధ్య తేడా ఎవరికైనా కంటికి కనిపిస్తుంది. దాచాల్సిందేముంది అందులో?

అనంత_రాధ
ఎగ్జిబిషన్ అయింది. శీను మాట విని రంగు కుండ కూడా ఆటోలో వేసుకెళ్లాం. హాల్లో గాలి లేదు, గది 28, తడిగుడ్డ 25, లోపల 26, రంగు కుండలో 27. పాప తడబడకుండా చదివింది. ఇద్దరు జడ్జిలూ రెండు కుండల గోడలూ తాకి చూశారు. ఏప్రిల్‌లో తడిగుడ్డ ఎందుకు పెట్టలేదని అడిగితే "అప్పటికి నాకు దాని గురించి తెలియదు సార్" అంది.

తర్వాత ఒక మేడమ్ అడిగిన ప్రశ్నకే జవాబు రాలేదు. "ఈ వారం రెండు డిగ్రీలే తగ్గిందన్నావు కదా, మరి కుండలో కొత్తిమీర బుట్టలో దానికంటే ఇంత బాగా ఎందుకుంది? చల్లదనం వల్లా, లోపల తేమ ఎక్కువగా ఉండటం వల్లా?" పాప కాసేపు ఆలోచించి, "రెండూ విడదీసి చూడలేదు మేడమ్" అంది. రాష్ట్ర స్థాయికి మరో స్కూలు వెళ్లింది. ఇంటికొచ్చినప్పటి నుంచి ఆ ప్రశ్నే పట్టుకుని కూర్చుంది. ఎలా విడదీయాలి?

గోదారి_గట్టు
తేమ వల్లేనండి. మార్కెట్లో కొత్తిమీర మీద నీళ్లు చల్లుతూనే ఉంటారు కదా.

భౌతిక_మాస్టారు
చల్లితే చల్లబడుతుంది కూడా, కాబట్టి అక్కడా రెండూ కలిసే ఉన్నాయి. మూడో కట్ట కావాలి. ఒక స్టీలు డబ్బాలో అడుగున తడిగుడ్డ పరిచి, కట్టకి తగలకుండా జల్లెడ పెట్టి, పైన కట్ట ఉంచి మూత వెయ్యండి. గది వేడిలోనే ఉంటుంది, తేమ మాత్రం నిండుగా ఉంటుంది. అది కుండ కట్టతో సమానంగా నిలిస్తే తేమదే పని.

కుమ్మరివీధి_శీను
మూత గట్టిగా వేస్తే కుళ్లుతుందేమో సార్. కుండ గోడలోంచి కాస్త గాలి ఆడుతుంది, స్టీలు డబ్బాలో అది ఉండదు. అప్పుడు తేడా తేమ వల్లా, గాలి వల్లా అని మళ్లీ అడుగుతారు.

భౌతిక_మాస్టారు
నిజమే శీనూ. రంగు కుండ ఉంది కదా ఇంట్లో! దానిలోనూ ఒక కట్ట పెట్టండి. లోపలి చిన్న కుండ మామూలుదే కాబట్టి ఇసుక తడి లోపలికి వస్తుంది, బయటికి మాత్రం ఆవిరి కాదు. తేమ ఉంటుంది, చల్లదనం తక్కువ.

అనంత_రాధ
పాప ఇది చదివి అప్పుడే కొత్తిమీర తేవడానికి వెళ్లింది. మూడు కట్టలు తెమ్మన్నాను.